ఎన్‌లార్జ్‌మెంట్, ఎన్‌రిచ్‌మెంట్, రొటేషన్: ఈ మూడింటి మధ్య గీత ఎక్కడిది?

ఒక మిషన్ ఆపరేటరుకు తన మిషన్‌ను తానే సెట్ చేసుకునే పని, తయారైన సరుకును తానే చెక్ చేసుకునే పని కూడా అప్పగించారు. ఇది జాబ్ ఎన్‌లార్జ్‌మెంటా, జాబ్ ఎన్‌రిచ్‌మెంటా? ఆర్గనైజేషనల్ బిహేవియర్ పేపర్లో జాబ్ డిజైన్ మీద వచ్చే ప్రశ్నల్లో విద్యార్థులను తికమక పెట్టేది సరిగ్గా ఇలాంటిదే. నిర్వచనాలు అందరికీ నోటికి వస్తాయి. ఉదాహరణ ఇచ్చి పేరు చెప్పమంటే చేయి ఆగిపోతుంది. ఇందులో తప్పంతా విద్యార్థిది కాదు. ఈ మూడు మాటలూ ఒకే రోజు, ఒకే మనిషి పెట్టినవి కావు. 1940లలో ఒక పేరుతో చెలామణి అయిన పనిని 1968 తర్వాత ఇంకో పేరుతో పిలిచారు. పాఠ్యపుస్తకాలు కొత్త నిర్వచనాలు తీసుకున్నాయి కానీ, పాత ఉదాహరణలను అలాగే ఉంచేశాయి.

కథ పనిని ముక్కలు చేయడంతో మొదలవుతుంది. 1911లో ఫ్రెడరిక్ టేలర్ చెప్పిన సైంటిఫిక్ మేనేజ్‌మెంట్‌లో రెండు కోతలు ఉన్నాయి. పెద్ద పనిని చిన్న చిన్న పనులుగా కోయడం మొదటిది. పని ఎలా చేయాలో ఆలోచించే బాధ్యతను పనివాడి దగ్గర నుంచి తీసి మేనేజర్లకు ఇవ్వడం రెండోది. ఈ రెండు కోతలను గుర్తుపెట్టుకుంటే చాలు, ఎన్‌లార్జ్‌మెంటుకూ ఎన్‌రిచ్‌మెంటుకూ తేడా సగం తెలిసినట్టే. మొదటి కోతను కుట్టేది ఎన్‌లార్జ్‌మెంట్, రెండోదాన్ని కుట్టేది ఎన్‌రిచ్‌మెంట్.

1913లో హెన్రీ ఫోర్డ్ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాడు. పన్నెండున్నర గంటలు పట్టే కారు ఛాసిస్ బిగింపు కొన్ని నెలల్లోనే గంటన్నరకు దిగింది. కానీ అదే ఏడాది అక్కడ పనివాళ్లు నిలవలేదు. సుమారు 14,000 మందితో నడిచే ఫ్యాక్టరీకి ఏడాదిలో 50,000 మందికి పైగా కొత్తవాళ్లను తీసుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో ప్రకటించిన రోజుకు 5 డాలర్ల కూలికి ఇదొక ముఖ్య కారణం. పనిలో విసుగు పోలేదు, దానికి కట్టే వెల మాత్రం పెరిగింది.

పనినే మార్చే ప్రయత్నం గట్టిగా కనిపించేది ఐబీఎం ఎండికాట్ ఫ్యాక్టరీలో, 1940ల తొలినాళ్లలో. కంపెనీ అధినేత థామస్ వాట్సన్ ఫ్యాక్టరీలో తిరుగుతుండగా ఒక మహిళా ఆపరేటర్ మిషన్ ముందు ఊరికే కూర్చుని కనిపించిందట. ఎందుకని అడిగితే, తర్వాతి పనికి మిషన్ సెట్ చేసే మనిషి కోసం ఎదురుచూస్తున్నానంది. ఆ సెట్టింగ్ ఆమెకూ వచ్చు, కానీ చేయనివ్వరు. ఆ తర్వాత మిషన్ సెట్ చేసుకోవడం, తన పనిని తానే తనిఖీ చేసుకోవడం ఆపరేటర్లకే అప్పగించారు. నాణ్యత మెరుగుపడింది, పాడైపోయే సరుకు తగ్గింది. ఈ ప్రయోగం గురించి 1950లో రాసిన చార్లెస్ వాకర్ దీన్ని జాబ్ ఎన్‌లార్జ్‌మెంట్ అన్నాడు. అప్పటికి వాడుకలో ఉన్న మాట అదే.

అదే వాకర్, రాబర్ట్ గెస్ట్‌తో కలిసి ఒక అమెరికన్ కార్ల ఫ్యాక్టరీలో 180 మంది కార్మికులను ఇంటర్వ్యూ చేసి 1952లో ఫలితాలు బయటపెట్టాడు. లైనులో ఎవరైనా పక్కకు వెళితే వాళ్ల చోట నిలబడే యుటిలిటీ కార్మికులు అక్కడ ఉండేవారు. ఇవాళ ఒక స్టేషన్, రేపు ఇంకొకటి. ఒకే స్టేషన్‌కు అతుక్కుపోయినవాళ్ల కన్నా వీళ్లకు పని మీద ఆసక్తి ఎక్కువని తేలింది. రొటేషన్ కూడా విసుగుకు ఒక మందుగా చర్చలోకి రావడానికి ఇలాంటి పరిశీలనలు తోడ్పడ్డాయి. అప్పటికి రొటేషన్, ఎన్‌లార్జ్‌మెంట్ రెండూ మంచి మాటలే.

ఆ మంచి పేరును పోగొట్టినవాడు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్. 1968లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో ఆయన పనికి చేర్చేవాటిని అడ్డంగా చేర్చేవి, నిలువుగా చేర్చేవి అని రెండుగా విడదీశాడు. అడ్డంగా అంటే అదే స్థాయి పని ఇంకొంచెం. నిలువుగా అంటే పైవాడి చేతిలో ఉన్న ఆలోచన, అదుపు, జవాబుదారీ కిందికి దిగడం. అర్థంలేని పనికి ఇంకో అర్థంలేని పని కలిపితే సున్నాకు సున్నా కలిపినట్టని, ఒక విసుగు పని నుంచి ఇంకో విసుగు పనికి తిప్పితే ఒక సున్నా తీసి ఇంకో సున్నా పెట్టినట్టని ఆయన లెక్క. ఎన్‌లార్జ్‌మెంట్, రొటేషన్ ఒక వైపు, ఎన్‌రిచ్‌మెంట్ మరో వైపు నిలబడింది ఈ గీతతోనే.

ఇక మన ఆపరేటర్ ప్రశ్నకు జవాబు తేలికే. తన సరుకు బాగుందో లేదో తేల్చే అధికారం ఇన్‌స్పెక్టర్ నుంచి ఆపరేటర్‌కు వచ్చింది కాబట్టి హెర్జ్‌బర్గ్ గీత ప్రకారం అది ఎన్‌రిచ్‌మెంట్. చరిత్రలో దాని పేరు ఎన్‌లార్జ్‌మెంట్. ఇప్పటి పరీక్షలో మొదటిదే రాయాలి. ప్రశ్నలో ‘ఐబీఎంలో మొదలైన ప్రయోగం ఏది’ అని అడిగితే మాత్రం రెండోది.

ఆ వ్యాసంలో హెర్జ్‌బర్గ్ చూపించిన కేసు ఈ మూడింటినీ ఒకే కుర్చీ దగ్గర చూపిస్తుంది. దానికన్నా మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు. ఒక పెద్ద కంపెనీలో వాటాదారుల ఉత్తరాలకు జవాబులు రాసే మహిళా ఉద్యోగులు ఉండేవారు. ఏరి కోరి తీసుకున్నవాళ్లు, మంచి శిక్షణ పొందినవాళ్లు. అయినా పనితీరు బాగాలేదు, ఉద్యోగం మీద ఇష్టమూ లేదు. రాసిన ప్రతి ఉత్తరాన్నీ సూపర్‌వైజర్ చూసేది, కింద సంతకమూ ఆవిడదే.

ఏం మార్చవచ్చో సూచనలు పోగేస్తే అందులో కొన్ని ఇలా ఉన్నాయి: ఉత్తరాలు రాసేవాళ్లే టైపు కూడా చేయాలి, వేర్వేరు ఖాతాదారులను చూసే యూనిట్లలో కొన్నాళ్లు తిప్పి మళ్లీ సొంత యూనిట్‌కు పంపాలి, రోజుకు ఇన్ని ఉత్తరాలని కష్టమైన కోటా పెట్టాలి. మొదటిది ఎన్‌లార్జ్‌మెంట్: పని పెరిగింది, సంతకం ఇంకా సూపర్‌వైజర్‌దే. రెండోది రొటేషన్: పని కూడా పెరగలేదు, కుర్చీ మారింది. మూడోది ఏదీ కాదు, ఉన్న పనినే ఎక్కువ చేయించడం. కోటా పెంపును ఎన్‌లార్జ్‌మెంట్ కింద రాసే విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తపడాలి. ఎన్‌లార్జ్‌మెంట్ అంటే పనుల రకాలు పెరగాలి, ఒకే పని పరిమాణం కాదు. ఈ సూచనలన్నిటినీ పక్కన పెట్టేశారు.

అమలు చేసినవి వేరే. ఉత్తరం మీద రాసినవాళ్లే సంతకం చేయాలి. అనుభవం ఉన్నవాళ్ల ఉత్తరాల్లో 100 శాతం బదులు 10 శాతమే తనిఖీ చేయాలి. ఉత్తరాలు సూపర్‌వైజర్ బల్ల మీదుగా కాకుండా నేరుగా మెయిల్‌రూమ్‌కు వెళ్లాలి. యూనిట్‌లో ఒక్కో విషయానికి ఒక్కొక్కరిని నిపుణురాలిగా పెట్టి, మిగతావాళ్లు సందేహం వస్తే ముందు ఆమెనే అడగాలి. గమనించండి, ఇందులో కొత్తగా చేరిన చాకిరీ దాదాపు లేదు. ఉత్తరం అదే. దానికి జవాబుదారీ ఎవరన్నదే మారింది. ఆరు నెలలు గడిచేసరికి ఈ మార్పులు అమలైన గుంపు పనితీరులోనూ, పని మీద ఇష్టంలోనూ మిగతా గుంపులను దాటింది. మొదటి వారాల్లో పనితీరు కొంత పడిపోవచ్చని, తమ పని కిందివాళ్లకు పోతుంటే సూపర్‌వైజర్లకు టెన్షన్, కోపం వస్తాయని హెర్జ్‌బర్గ్ ముందే హెచ్చరించాడు. ఎన్‌రిచ్‌మెంట్ పరిమితులు రాయమంటే ఈ రెండూ రాయదగ్గవి.

రొటేషన్ విషయంలో మాత్రం హెర్జ్‌బర్గ్ తీర్పు కొంచెం కఠినం అనిపిస్తుంది. రొటేషన్ ఎప్పుడూ విసుగు పోగొట్టడానికే చేయరు. మన బ్యాంకుల్లో క్యాష్ కౌంటర్‌లో ఉన్న ఉద్యోగిని డిపాజిట్లకో, క్లియరింగ్‌కో మార్చడం వెనక మోసాలకు అవకాశం తగ్గించాలన్న ఉద్దేశం ఉంటుంది. కొత్తగా చేరిన ఆఫీసర్‌ను అన్ని డిపార్ట్‌మెంట్లలో తిప్పేది నేర్పడానికి. ఫ్యాక్టరీలో రెండు గంటలకోసారి స్టేషన్ మార్చేది ఒకే భుజం, ఒకే మణికట్టు మీద భారం పడకుండా. వీటిని ప్రేరణ కొలతతో తూస్తే న్యాయం కాదు. గుర్తుపట్టడానికి ఒక్కటి చూస్తే సరిపోతుంది: ప్రతి కుర్చీలోని పని అలాగే ఉండి, కూర్చునే మనిషి మాత్రం మారుతుంటే అది రొటేషన్.

1970లలో రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ ఈ వాదనను లెక్కలోకి తెచ్చారు. పనిలోని ఐదు లక్షణాలకు ఒక్కోదానికి 1 నుంచి 7 వరకు మార్కు వేసి, పనికి ప్రేరేపించే శక్తి ఎంత ఉందో చూస్తారు.

MPS = (SV + TI + TS) / 3 × A × F

MPS ఆ ప్రేరేపించే శక్తి, SV నైపుణ్యాల వైవిధ్యం, TI పని మొదలు నుంచి చివరి దాకా తనదేనన్న భావం, TS ఆ పని ఇతరులకు ఎంత ముఖ్యమన్నది, A స్వేచ్ఛ, F పని నుంచే ఫలితం తెలియడం. ఉత్తరాలు రాసే ఉద్యోగానికి ఊహించిన మార్కులు వేసి చూద్దాం: వరుసగా 3, 3, 6, 2, 2. మొదటి మూడింటి సగటు 4, దాన్ని 2తో, మళ్లీ 2తో గుణిస్తే 16. ఇప్పుడు టైపింగ్ కలిపి వైవిధ్యాన్ని 3 నుంచి 6 చేశామనుకోండి. సగటు 5, మొత్తం 20. అంతే. వైవిధ్యాన్ని ముట్టుకోకుండా సంతకం, జవాబుదారీ ఇచ్చి స్వేచ్ఛను 5కు, ఫలితం తెలియడాన్ని 4కు పెంచితే 4 × 5 × 4, అంటే 80. వైవిధ్యం మూడింటిలో ఒకటిగా సగటులో కలిసిపోతుంది, స్వేచ్ఛ నేరుగా గుణిస్తుంది. ఎన్‌లార్జ్‌మెంట్ ఫలితం ఎందుకు పలచబడుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం. అయితే ఎదగాలన్న కోరిక బలంగా లేని ఉద్యోగి మీద ఈ పెంపు అంతగా పనిచేయదని కూడా వాళ్లు చెప్పారు.

గీత మసకబారే చోటు ఒకటి మిగిలింది. ఆరుగురు తలా ఒక భాగం బిగించే పంపును ఒక్కరికే మొత్తం ఇచ్చేశారనుకోండి. చాలా పాఠ్యపుస్తకాలు దీన్ని ఎన్‌లార్జ్‌మెంట్ కిందే పెడతాయి, ఎందుకంటే చేరినవన్నీ ఒకే స్థాయి పనులు. కానీ పూర్తి, సహజమైన పనిని ఒకరికి అప్పగించడాన్ని హెర్జ్‌బర్గ్ తన నిలువు సూత్రాల జాబితాలోనే రాశాడు. ఇక్కడ ప్రశ్నలోని మిగతా వాక్యం చదవాలి. పంపు బిగించిన మనిషే దాన్ని పరీక్షించి, బాగాలేకపోతే ఆపగలిగితే, ఎవరి పంపో తెలిసేలా గుర్తు వేస్తే ఎన్‌రిచ్‌మెంట్ అని రాయండి. బిగించగానే ఇన్‌స్పెక్టర్ బల్ల మీదకు పోతే ఎన్‌లార్జ్‌మెంట్. ప్రశ్న ఆ సంగతి చెప్పకపోతే, డిస్క్రిప్టివ్ పేపర్లో రెండు వైపులా రాసి ఏ షరతు మీద ఏది అవుతుందో చెప్పవచ్చు. ఆబ్జెక్టివ్ పేపర్లో ‘ఒకే స్థాయి పనులు’ అన్నమాట ఉంటే ఎన్‌లార్జ్‌మెంట్‌కే టిక్ పెట్టాలి.