పడవని లాగే కారు: 900 కిలోల అంకె వెనక ఉన్న లెక్క

చదునైన సిమెంటు నేల మీద 600 కిలోల ట్రైలర్‌ని ఇద్దరు మనుషులు చేతులతో నెట్టుకుపోగలరు. టైర్లలో గాలి సరిగ్గా ఉంటే, దాన్ని దొర్లించడానికి పది కిలోల బరువు ఎత్తేంత బలం సరిపోతుంది. కాబట్టి "మా కారుకి పవర్ బాగానే ఉంది, చిన్న పడవని లాగలేదా?" అని అడిగేవాళ్ళకి నా జవాబు: చదును రోడ్డు మీద తప్పకుండా లాగుతుంది. కంపెనీ పెట్టే పరిమితి ఆ లాగుడు గురించి కాదు. ఎత్తు మీద ఆగి మళ్ళీ కదలడం, వేగంలో ఉన్నప్పుడు ఆగడం, వంకర పోకుండా నడవడం, ఈ మూడింటి గురించి.

ముందు ఎత్తు సంగతి. ఐరోపాలో ఒక కారుకి ఇంత బరువు లాగవచ్చని రాయాలంటే, ఆ బరువు తగిలించుకుని 12 శాతం వాలు మీద ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ఆగి కదిలి చూపించాలి. అమెరికాలో ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం ప్రకారం అరిజోనాలోని డేవిస్ డ్యామ్ వాలు మీద, సుమారు 38 డిగ్రీల వేడిలో, ఏసీ పూర్తిగా వేసి ఎక్కించాలి. మే నెల హైదరాబాద్‌లో మధ్యాహ్నం 40 దాటుతుంది కనుక ఈ రెండో పరీక్ష మనకి బాగా దగ్గరిది. 12 శాతం వాలు మీద మొత్తం బరువులో ఎనిమిదో వంతు దాకా బండిని వెనక్కి లాగుతుంది. కారూ ట్రైలరూ కలిసి 2,180 కిలోలుంటే దాదాపు 260 కిలోల లాగుడన్నమాట. అంత బరువుని నిలిచిన చోటు నుంచి కదిలించేటప్పుడు మాన్యువల్ కారులో క్లచ్ ప్లేటు రాపిడికి కాలుతుంది, మాడిన వాసన వస్తుంది. ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ నూనె వేడెక్కుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. ఉప్పల్‌లో ఉండే ఒక కుటుంబం ఫైబర్ పడవ కొనాలనుకుంది. పడవ 300 కిలోలు, వెనక బిగించే ఇంజన్ 55, పాతిక లీటర్ల పెట్రోలు 18, బ్యాటరీ 12, లంగరు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు కలిపి 35, ట్రైలర్ 200. మొత్తం 620 కిలోలు. అమ్మేవాళ్ళు చెప్పేది మొదటి అంకె ఒక్కటే, అసలు లాగాల్సింది దానికి రెట్టింపు. వాళ్ళ కారు పుస్తకంలో ట్రైలర్‌కి సొంత బ్రేకులుంటే 900 కిలోలు, లేకపోతే 600 అని ఉందనుకుందాం. బ్రేకులేని ట్రైలర్ దారి ఇక్కడే మూసుకుపోయింది.

ఇరవై కిలోలకే అంత పట్టింపా అనిపించవచ్చు. కానీ బ్రేకుల్లేని ట్రైలర్ బరువంతా ఆపాల్సింది కారు టైర్లే. మనుషులతో 1,560 కిలోలున్న కారు 80 కిలోమీటర్ల వేగంలో, పొడి రోడ్డు మీద, బ్రేకు పట్టాక 31 మీటర్లలో ఆగుతుందనుకుంటే, వెనక ఈ 620 కిలోలు తగిలించాక అదే టైర్ల పట్టుతో ఆగడానికి సుమారు 43 మీటర్లు పడుతుంది. ఆ తేడా మూడు కార్ల పొడవు. తడి రోడ్డు మీద ఇంకా పెరుగుతుంది. ఇలాంటి ట్రైలర్లకి ఎక్కువగా ఓవర్‌రన్ బ్రేకు పెడతారు: కారు నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపే దాని బ్రేకుల్ని బిగిస్తుంది.

బ్రేకులున్న ట్రైలరే తీసుకున్నారనుకుందాం. 620 అనేది 900 కన్నా చాలా తక్కువ కదా, ఇక బెంగ లేదనుకునే చోటే ఎక్కువమంది లెక్క ఆపేస్తారు. పుస్తకంలో ఇంకో రెండు అంకెలుంటాయి. కారూ, దాని మీద పడే మనుషులూ సామానూ కలిపి మించకూడని బరువు, అంటే గ్రాస్ వెయిట్, 1,650 కిలోలు. కారూ ట్రైలరూ కలిపి మించకూడని బరువు 2,250. ఖాళీ కారు 1,200. నలుగురు మనుషులు 280, సామాను 60, ట్రైలర్‌ని తగిలించడానికి వెనక బిగించిన టో బార్ 20 కలిపితే 1,560. ట్రైలర్ ముందు భాగం ఆ టో బార్ కొసనున్న ఇనప బంతి మీద ఆనుతుంది. ట్రైలర్ బరువులో 50 కిలోలు అలా ఆనితే అవి కూడా కారు మీదే: 1,610. ఆ 50 ట్రైలర్ 620లో ముందే ఉంది కనుక రెండూ కలిపిన బరువు 1,560కి 620 కలిపి 2,180. అన్నీ హద్దులోనే ఉన్నాయి.

ఇప్పుడు బాబాయి కూడా వస్తానన్నాడు, ఐస్ పెట్టె, టెంటు ఎక్కాయి. 110 కిలోలు పెరిగాయి. కారు మీద బరువు 1,720, కలిపిన బరువు 2,290. రెండు హద్దులూ దాటిపోయాయి. ట్రైలర్ మాత్రం అదే 620. నిజానికి ఈ కారుతో 900 కిలోలు లాగాలంటే లోపల డ్రైవరూ, పక్కన బక్కపలచటి మనిషి ఒకరూ తప్ప ఇంకేమీ ఉండకూడదు. పెద్ద అక్షరాల్లో వేసే అంకె ఆ స్థితిది. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టకూడదని గట్టిగా చెబుతాను. ముందు కారులో ఎక్కేవాళ్ళనీ సామాన్నీ కూడి, మిగిలినదెంతో చూసి, ఆ తర్వాత పడవని ఎంచుకోవాలి.

బంతి మీద పడే ఆ 50 కిలోల గురించి ఇంకా చెప్పాలి. సాధారణ లెక్కలో అది ట్రైలర్ బరువులో 5 నుంచి 10 శాతం ఉండాలి, కారుకి రాసిన గరిష్ఠాన్ని మించకూడదు. మరీ తక్కువైతే ట్రైలర్ తోక ఊగుతుంది. పడవలకి ఈ జబ్బు ఎక్కువ, ఎందుకంటే ఇంజనూ పెట్రోలు ట్యాంకూ సాధారణంగా వెనకే ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద పెద్ద లారీ దాటిపోయినప్పుడు గాలి తోపుకి ట్రైలర్ ఒక్కసారి అటు తిరిగితే, తోక బరువు దాన్ని ఇటు ఇంకా ఎక్కువగా విసురుతుంది. వేగం ఎక్కువగా ఉంటే ఆ ఊపు తగ్గే బదులు పెరుగుతుంది. అప్పుడు స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పకండి, బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి.

బయల్దేరే ముందే దీన్ని ఇంట్లో బరువు చూసుకునే మిషన్‌తో కొలవవచ్చు. చదును నేల మీద, ట్రైలర్ చక్రాలకి అడ్డు పెట్టి, దాని ముందు కొస కింద గట్టి చెక్క ముక్క నిలబెట్టి మిషన్ మీద ఆనించాలి. కొస కారు బంతి ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో ఉండాలి. మన ట్రైలర్‌కి 31కీ 62కీ మధ్య రావాలి. 15 చూపిస్తే పడవని ట్రైలర్ మీద కొంచెం ముందుకి జరిపి, బ్యాటరీనీ లంగరునీ ముందు పెట్టాలి. అలాగని 90కి తీసుకెళ్ళకూడదు. బంతి వెనక చక్రాలకి మీటరు వెనకా, ముందు వెనక చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లూ ఉంటే, అక్కడ పెట్టిన ప్రతి 50 కిలోలూ ముందు చక్రాల మీంచి 20 కిలోలు ఎత్తేస్తాయి. మన చిన్న కార్లు చాలావరకు ముందు చక్రాలతో లాగేవే. నాచు పట్టిన వాలు మీంచి, నీళ్ళు కారుతున్న పడవతో పైకి ఎక్కాల్సినప్పుడు ఆ చక్రాలు పట్టు దొరక్క అక్కడే తిరుగుతాయి.

మొత్తం బరువు కోసం లారీలు తూచే వేబ్రిడ్జికి వెళ్ళండి. మనుషులూ సామానూ అన్నీ ఎక్కాక, ట్రైలర్ తగిలించి అన్ని చక్రాలతో ఒకసారి, దాన్ని విప్పకుండానే కారు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి తూస్తే కలిపిన బరువూ, కారు మీద బరువూ రెండూ తేలిపోతాయి.

మన దగ్గర అమ్మే చాలా కార్ల పుస్తకాల్లో ఈ అంకెలేవీ ఉండవు. అదే మోడల్ వేరే దేశంలో 900 లాగుతుందని ఇంటర్నెట్‌లో చూసి ఇక్కడ తగిలించకండి. గేర్‌బాక్స్, కూలింగ్, బ్రేకులు వేరుగా ఉండవచ్చు. బంపర్‌లో మర వేసి బిగించే కొక్కెం చెడిపోయిన కారుని లాగించుకోవడానికే, దానికి ట్రైలర్ తగిలించకూడదు. పుస్తకంలో అంకె లేకపోతే కంపెనీని రాతపూర్వకంగా అడగండి, జవాబు రాకపోతే సున్నా అని లెక్కేసుకోండి. ట్రైలర్ చట్టం దృష్టిలో వేరే వాహనం, దానికి ఆర్టీఏ దగ్గర విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ తెరచాప పడవ లాంటిదైతే బరువు 35 కిలోలే. కారు పైకప్పు మోయగల బరువు చూసుకుని పైన కట్టుకుంటే ట్రైలర్ అవసరమే ఉండదు.