ఆరో వంతు ఏ కొలతతో?

పూర్వకాలపు రాజులు పంటలో ఆరో వంతు మాత్రమే తీసుకునేవారని చదివామని, అది నూటికి పదహారు, పదిహేడు పాళ్లే కాబట్టి ఈనాటి ఆదాయపు పన్ను కన్నా తేలికైన భారమే కదా అని, చెన్నైలో స్థిరపడిన ఒక తెలుగు పాఠకుడు అడిగారు. మనుస్మృతి ధాన్యంలో ఆరో వంతు గానీ, ఎనిమిదో వంతు గానీ, పన్నెండో వంతు గానీ రాజు తీసుకోవచ్చని చెప్పిన మాట నిజమే. అయితే వంతు ఎంత అన్నదానితోనే పన్ను తేలదు. ఆ వంతును ఏ పాత్రతో కొలిచారు, ఎవరి సమక్షంలో కొలిచారు, అంతకు ముందు రాశిలోంచి ఎవరెవరికి ఎంత పోయింది అన్నవి కూడా తెలిస్తేనే రైతు మీద పడిన భారం తెలుస్తుంది.

కొలపాత్ర సంగతి కౌటిల్యుని అర్థశాస్త్రంలో దాపరికం లేకుండా రాసి ఉంది. ద్రోణం అనే ఒకే పేరు గల కొలత అందులో నాలుగు పరిమాణాలలో కనిపిస్తుంది. రాజుకు రాబడిగా వచ్చే ధాన్యాన్ని కొలిచే ద్రోణం 200 పలాలు, అంగడిలో వ్యవహారానికి వాడేది 187½ పలాలు, రాజు ధాన్యపు కొట్టు అయిన కోష్ఠాగారం నుంచి చెల్లించేటప్పుడు వాడేది 175 పలాలు, అంతఃపురానికి కొలిచేది 162½ పలాలు. అంగడి కొలతతో లెక్కవేసుకున్న రైతు ఆరు ద్రోణాలు ఇచ్చానని అనుకోవాలంటే, రాజు కొలతతో నింపేటప్పుడు ప్రతి ద్రోణానికీ పదిహేనో వంతు ఎక్కువ పోయవలసి వచ్చేది. అదే ధాన్యం కోష్ఠాగారం నుంచి జీతంగా బయటికి పోయేటప్పుడు ద్రోణానికి 25 పలాలు, అంటే ఎనిమిదో వంతు, లోపలే మిగిలిపోయేది. ధర్మశాస్త్రం చెప్పిన వంతును మార్చకుండానే రాబడిని పెంచుకునే మార్గమిది.

పండిన పంటలో రాజూ రైతూ పాలు పంచుకునే పద్ధతిలో అసలు కష్టం కాపలాలో ఉంది. పంట కోసింది మొదలు కళ్లంలో నూర్చి, తూర్పారబట్టి, రాశి పోసేదాకా అధికారి మనుషులు అక్కడే ఉండాలి. రాశి పోసిన తరువాత కొలిచే రోజు వచ్చేవరకు దాని మీద తడిమట్టితోనో బూడిదతోనో ముద్రలు వేసేవారు. రాత్రి ఎవరైనా పిడికెడు తీసినా గింజలు జారి ముద్ర చెదిరిపోతుంది కనుక దొంగతనం తెల్లవారేసరికి బయటపడేది. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, ఆ తరువాత ‘రెండు’ అని లెక్కపెట్టే అలవాటు మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. దానిని మూఢనమ్మకమని నవ్వేవారు ఉన్నారు గానీ, లెక్క పైకి వినిపించేలా చదవడం వల్ల చుట్టూ నిలిచిన రైతు, కరణం, తలారి ముగ్గురూ సాక్షులవుతారన్నది గమనించాలి. వడ్రంగి, కమ్మరి, చాకలి, తలారి వంటివారికి ఇచ్చే మేరలు కూడా ఆ కళ్లంలోనే తీసేవారు. రాజభాగం తీయకముందు మేరలు తీస్తే వాటి భారం రాజుకూ రైతుకూ పంచబడుతుంది, తీసిన తరువాత అయితే మొత్తం రైతు మీదే పడుతుంది. అందుచేత ఏది ముందు, ఏది వెనుక అన్నదే ఒక పెద్ద తగవు.

ఈ కాపలా ఖర్చును చోళులు చాలావరకు తప్పించుకున్నారు. మొదటి రాజరాజ చోళుడు క్రీ.శ. 1000 ప్రాంతంలో భూమినంతా కొలిపించాడు. తంజావూరు పెద్ద గుడి గోడల మీది శాసనాలలో ఒక్కొక్క గ్రామం విస్తీర్ణం ఇచ్చి, అందులోంచి ఇళ్ల స్థలాలు, చెరువులు, కాలువలు, శ్మశానం వంటివి తీసివేసి, మిగిలిన సాగుభూమికి కలం అనే ధాన్యపు కొలతలో ఏటా ఇన్ని కలముల వడ్లు అని రాశారు. వేలి అనే భూమి కొలతలో 320వ భాగం ముంతిరి, ఆ ముంతిరిని మళ్లీ 320 భాగాలు చేస్తే వచ్చేది కీళ్‌ముంతిరి. అంత చిన్న భిన్నాలదాకా లెక్క పోయింది. వడ్లను ‘ఆడవల్లాన్’ అనే మరక్కాలుతో కొలవాలని పాత్ర పేరు కూడా శాసనం చెబుతుంది. ఏ పాత్రతో అన్న సందేహానికి చోటులేకుండా దానిని రాతిలో చెక్కించడం నాకు ఆ శాసనాలలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం.

ఆ గ్రామాలలో పన్ను సుమారుగా వేలికి 100 కలములు పడుతుంది. ఇది ఇక పాలు కాదు, నేలను బట్టి ముందే కట్టిన ధాన్యపు లెక్క. దీని ఫలితం తెలియడానికి ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక వేలి పొలం మంచి ఏడు 400 కలములు, చెడ్డ ఏడు 200 కలములు పండుతుందని, రాజు వంతు నాలుగోదని అనుకుందాం. కళ్లంలో పంచుకుంటే రాజుకు ఒక ఏడు 100, ఇంకో ఏడు 50 కలములు వస్తాయి, అంటే కరవులో రాజు కూడా నష్టపోతాడు. స్థిరంగా 100 అని నిర్ణయిస్తే చెడ్డ ఏడు రైతు సగం పంట కోల్పోతాడు. కాపలా మనుషుల బెడద తప్పింది గానీ వాన కురవని నష్టమంతా రైతు వైపు జరిగింది.

ఇక డబ్బు. తమిళదేశంలో చాలాకాలం మాగాణికి వడ్లు, మెట్టకు నగదు అన్న తేడా కనిపిస్తుంది. మెట్టలో జొన్న, నువ్వులు, పత్తి అంటూ రకరకాలు పండుతాయి కనుక వాటిని కొలిచి, మోయించి, నిలువ ఉంచడం కన్నా నాణెం తీసుకోవడమే సులభం. విజయనగర కాలానికి పొన్ను, పణం అనే నాణేలలో చెల్లింపులు బాగా పెరిగాయి. మన ఊహాలెక్కలో మామూలు ధర కాసుకు రెండు కలములు అనుకుని పన్నును 50 కాసులుగా మారుద్దాం. మంచి ఏడు అందరికీ పంట పండి, చెన్నైలోని కోయంబేడు మార్కెట్టుకు టమాటా ఒక్కసారిగా దిగినప్పటిలా ధర పడిపోయి, కాసుకు నాలుగు కలములు అయితే, రైతు 400లో 200 అమ్మితే తప్ప పన్ను తీరదు. అంతటా కరవు వచ్చి ధర కాసుకు ఒక కలమైతే 50 అమ్మితే చాలు. కానీ కరవు ఒక్క ఊరికే పరిమితమై, పక్క సీమల ధాన్యం వచ్చి ధర మామూలుగానే ఉంటే 200లో 100 పోతుంది. ఇప్పుడు రైతు వానకే కాక ధరకు కూడా లోబడ్డాడు.

ధరను ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చూసి నిర్ణయిస్తారన్నదే ఆ తరువాతి చిక్కు. అక్బరు పాలనలో మొదట్లో ఏటా ధరల పట్టికలు రాజాస్థానం ఆమోదం కోసం ఎదురుచూడవలసి వచ్చి వసూళ్లు ఆలస్యమయ్యేవి. 1580లో రాజా తోడరమల్లు పదేళ్ల దిగుబడుల, ధరల సగటులు తీయించి బిఘా అనే కొలత నేలకు ఇన్ని రూకలని పంటవారీగా కట్టించాడు.

మన మద్రాసు రాజధానిలో ఈ చిక్కు మరీ ముదిరింది. రైతే నేరుగా సర్కారుకు కట్టే రైత్వారీ పద్ధతిలో శిస్తు నగదుగా నిలిచిపోయింది, 1820ల చివరి నుంచి 1850ల తొలిభాగం దాకా ధాన్యం ధరలు మాత్రం పడిపోయి ఉన్నాయి. శిస్తు అంకె మారకపోయినా దానిని తీర్చడానికి అమ్మవలసిన పుట్లు పెరిగాయి. పైగా కిస్తీల గడువు కోతలను ఆనుకుని ఉండడంతో అందరూ ఒకేసారి బేరానికి దిగి ధరను ఇంకా దించుకున్నారు. ఆ అనుభవం తరువాత జరిగిన సర్వే సెటిల్‌మెంటులో కరవు కాని ఇరవై ఏళ్ల ధరల సగటు తీసి, దానిలోంచి బండి బాడుగకు, వర్తకుని లాభానికి కొంత తగ్గించి, ఆ తగ్గించిన ధరతో దిగుబడికి విలువ కట్టారు. సాగు ఖర్చులు పోగా మిగిలినదానిలో సగం శిస్తుగా నిర్ణయించి, ముప్పై ఏళ్లదాకా మార్చబోమన్నారు.