కూతురి పట్టా రోజుకు పద్యం: అపోహలు - వాస్తవాలు

పెళ్లి శుభలేఖలకు, సన్మాన పత్రాలకు పద్యాలు రాసిపెట్టడం నాకు చాలాకాలంగా అలవాటు. ఈ మధ్య కొత్త రకం కోరిక ఒకటి ఎక్కువైంది. "అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ పూర్తి చేస్తోంది మాస్టారూ, మేం వెళ్లలేకపోతున్నాం, ఒక పద్యం పంపాలి" అంటారు. మరునిమిషంలోనే "నీతులు మాత్రం వద్దు, దానికి నచ్చవు" అంటారు. అలా అన్నవాళ్లు తెచ్చే చిత్తుప్రతి నిండా నీతులే ఉంటాయి. ఇందులో వాళ్ల తప్పు తక్కువ, కొన్ని అపోహల తప్పు ఎక్కువ.

అపోహ: పెద్దవాళ్లు పిల్లలకు రాసే పద్యంలో హితవు లేకపోతే వెలితిగా ఉంటుంది.

ఈ భావన ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. మనం బడిలో నేర్చిన శతకాలు హితవులే. అప్పగింతల పాటల్లోనూ అత్తవారింట ఎలా మెలగాలో చెప్పడమే ఎక్కువ. చదువు ముగిసిన శిష్యుడికి గురువు చెప్పే మాటలు తైత్తిరీయోపనిషత్తులో ఉన్నాయి కదా, "సత్యం వద, ధర్మం చర" అని. స్నాతకోత్సవాల్లో వాటిని ఇప్పటికీ చదువుతారు. నేనైతే ఇలా చూస్తాను: హితవు చెప్పే పని గురువు చేసేశాడు. తల్లిదండ్రులకు వేరే పని మిగిలింది.

ఆ పని ఏమిటో అభిజ్ఞాన శాకుంతలం నాలుగో అంకంలో కనిపిస్తుంది. కణ్వుడు కూతురికి బుద్ధులు చెప్పిన మాట నిజమే. కానీ అంతకు ముందు ఒక శ్లోకంలో తన సంగతి చెప్పుకుంటాడు. ఈ రోజు శకుంతల వెళుతుందని గుండె బరువెక్కింది, కన్నీరు ఆపుకోవడంతో గొంతు పూడుకుపోయింది, చూపు మసకబారింది, అడవిలో ఉండే నాకే ఇలా ఉంటే సంసారులు ఎలా తట్టుకుంటారో అంటాడు. ఆ శ్లోకంలో కూతురికి ఒక్క ఆజ్ఞ కూడా లేదు. నాకు కావలసిన నమూనా అదే.

అపోహ: 'నీతి' అన్న మాట లేకపోతే నీతి లేనట్టే.

నీతి క్రియాపదం చివర దాక్కుంటుంది. కిందటి మే నెలలో ఒక తండ్రి తెచ్చిన చిత్తులో మూడు వాక్యాలు ఇవి: "ఎంత ఎదిగినా మూలాలు మరువకు. కన్నవారి కలలు నిలబెట్టావు. ఇంకా ఎన్నో శిఖరాలు ఎక్కాలి." పెన్సిలు ఇచ్చి క్రియల కింద గీతలు పెట్టమన్నాను. "మరువకు" అంటే వద్దని చెప్పడం, "ఎక్కాలి" అంటే చెయ్యమని చెప్పడం, ఇవి తేలికగానే దొరికాయి. "నిలబెట్టావు" దగ్గర ఆయన ఆగారు. "ఇది పొగడ్తే కదా?" అన్నారు. పొగడ్తే, కానీ అందులో బాకీ ఉంది. కల మనది, తీర్చింది ఆమె అనగానే తరువాతి వాయిదా ఎప్పుడన్న ప్రశ్న కూడా వచ్చేస్తుంది. "చల్లగా ఉండు" వంటి దీవెన వ్యాకరణానికి ఆజ్ఞే అయినా నేను కొట్టెయ్యను. దీవెన ఒకటి చాలు, రెండోది సలహా అవుతుంది.

అపోహ: పద్యం ముందే సిద్ధం చేసి ఉంచుకోవాలి, ఆ రోజు పంపితే సరిపోతుంది.

నా అనుభవంలో అసలు చిక్కు ఇదే. వేడుక జరగకముందు రాసేవాడి దగ్గర జరిగినది ఏదీ ఉండదు, జరగవలసినవే ఉంటాయి. భవిష్యత్తు గురించి రాయబోతే కోరికలు వస్తాయి, కోరికలు రెండో పాదానికల్లా ఉపదేశాలవుతాయి. అందుకే ఆ తండ్రితో "చూసి రండి, ఏం జరిగిందో చెప్పండి, అప్పుడు రాద్దాం" అన్నాను.

నాలుగు రోజులకు వచ్చారు. అక్కడ ఉదయం 10 గంటలు, ఇక్కడ రాత్రి 8.30. భార్యాభర్తలు ఫోనును చెంబుకు ఆనించి చూశారట. గౌను గురించి, టోపీ గురించి, అక్కడి చెట్ల గురించి చాలా చెప్పారు. అవేవీ నాకు పనికిరాలేదు, అందరి పిల్లలకూ అవే ఉంటాయి. చివర మాటవరసకు అన్నారు: "పేరు తిరగేసి పిలిచారండీ. మన ఇంటిపేరు వెనక్కి పోయింది. పైగా దాన్ని సరిగ్గా పలకలేదు కూడా."

పద్యం దొరికింది. ఇంటిపేరు ముందు రాసుకోవడం మన అలవాటు. బడి హాజరు పట్టీ నుంచి ఆ పిల్ల దాని వెనకే నడిచింది. అక్కడ ఆమె పేరు ముందుకొచ్చింది, ఇంటిపేరు తోకలా వెనక వచ్చింది. గర్వం, బెంగ రెండూ ఆ ఒక్క మార్పులోనే ఉన్నాయి, విడివిడిగా చెప్పనక్కరలేదు. "పిలిచినప్పుడు మీరేం చేశారు?" అని అడిగాను. కొంచెం సిగ్గుపడి, "లేచి నిలబడ్డామండీ, ఎందుకో తెలియదు" అన్నారు.

ఇంటిపేరు ముందు నడిచె నిన్నినాళ్లు;
అచట నెవ్వరో పిలిచిన యపుడు నీదు
పేరు ముందాయె, మా పేరు పిదప వచ్చె;
చూచి, కూర్చున్న మే మిట లేచినాము.

అపోహ: ఛందస్సు పెడితే పద్యం బిగుసుకుపోతుంది.

బిగుసుకుపోయేది వ్యర్థపదాల వల్ల. పై పద్యం తేటగీతి. ప్రతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు ఉంటాయి. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి కుదరాలి. మొదటి పాదంలో "ఇంటి"కి "నడిచె నిన్ని"లోని ఇకారం కుదిరింది. నాలుగో పాదంలో అలా కుదరక "చూచి - లేచి" అని ప్రాసయతి వేశాను. గణం నిండనప్పుడు చాలామంది "వినుము", "సతతము" వంటివి దూరుస్తారు. "వినుము" అనగానే పద్యం శతకం గొంతుతో మాట్లాడుతుంది. మరీ ముఖ్యంగా, ఆటవెలది అంటే మన చెవికి వేమన మకుటం వినిపిస్తుంది. చివరి పాదం వచ్చేసరికి చెయ్యి తనంతట తానే సూక్తి రాయబోతుంది. ఈ పనికి నేను ఆటవెలదిని వాడకపోవడానికి కారణం అదే. ఛందస్సు రాని వాళ్లు వచనంలో రాసుకోవచ్చు, చివరి వాక్యం మీద మాత్రం అంతే కాపలా ఉండాలి.

అపోహ: సరస్వతీ పుత్రిక, కులదీపిక అంటేనే గర్వం తెలుస్తుంది.

అవి సన్మాన పత్రం మాటలు. నేనే వందలసార్లు రాశాను, ఎవరి పేరైనా అతుకుతుంది.

అపోహ: దూరం, కన్నీరు, ఖాళీ గది లేకపోతే బెంగ తెలియదు.

"అచట", "ఇట" అన్న రెండు చిన్న మాటలు ఆ పని చేశాయి. కన్నీరు పెడితే అమ్మాయి వాళ్లను ఓదార్చడానికి ఫోను చెయ్యాలి, ఆమె పండుగ రోజున అదొక పని.

పద్యాన్ని తండ్రి తన చేతిరాతతో కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపారు. అమ్మాయి నుంచి ఒక్క ప్రశ్న వచ్చిందట: "నిజంగా లేచారా?" అమ్మే ముందు లేచిందని, కళ్లజోడు వెతుక్కోవడంతో తనకు కొంచెం ఆలస్యమైందని జవాబిచ్చారు.