ముందు నుంచి లెక్కిస్తే గడువు, వెనక నుంచి లెక్కిస్తే వెసులుబాటు

ఒక షెడ్డులో కొత్త యంత్రం బిగించాలి. పునాది తవ్వడానికి 3 రోజులు పడుతుంది. తవ్విన చోట కాంక్రీటు పోసి, తడుపుతూ గట్టిపడనివ్వడానికి 7 రోజులు. ఆర్డరిచ్చిన యంత్రం రావడానికి 8 రోజులు. ఈ ఆర్డరుకు తవ్వకంతో పని లేదు కాబట్టి మొదటి రోజే ఇచ్చెయ్యొచ్చు. యంత్రం వచ్చి, కాంక్రీటు కూడా గట్టిపడ్డాకే బిగింపు, దానికి 2 రోజులు. మరోవైపు తవ్వకం అవ్వగానే కరెంటు పైపులు వేయాలి, 3 రోజులు. తర్వాత వైర్లు లాగడానికి 2. అన్నీ పూర్తయ్యాక ఒక రోజు ట్రయల్ రన్. ఒక్కో పనికీ ఒక పెట్టె గీసి, దేని తర్వాత ఏది చేయాలో బాణాలతో కలిపితే అదే నెట్‌వర్క్ డయాగ్రమ్.

ముందుగా ఫార్వర్డ్ పాస్, అంటే ప్రతి పనీ ఎంత త్వరగా మొదలై ఎప్పటికి ముగుస్తుందో మొదటి నుంచి కూడుతూ వెళ్లడం. మొదలుపెట్టే క్షణాన్ని 0 అనుకుందాం. తవ్వకం 0లో మొదలై 3కి అయిపోతుంది. కాంక్రీటు 3 నుంచి 10 వరకు, పైపులు 3 నుంచి 6 వరకు, వైర్లు 6 నుంచి 8 వరకు. యంత్రం 8కి వచ్చేస్తుంది. ఇక బిగింపు దగ్గర రెండు బాణాలు కలుస్తున్నాయి, ఒకటి 8 అంటోంది, ఇంకొకటి 10 అంటోంది. ఇక్కడ పెద్ద సంఖ్యే తీసుకోవాలి, ఎందుకంటే గట్టిపడని పునాది మీద యంత్రం నిలబెట్టలేం. బిగింపు 10 నుంచి 12 వరకు. ట్రయల్ రన్‌కు ముందు వైరింగ్ 8, బిగింపు 12, కాబట్టి అది 12లో మొదలై 13కి ముగుస్తుంది. మొత్తం 13 రోజులు.

తేదీలు వేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 10 అంటే పది రోజులు గడిచాయని అర్థం. పని ఒకటో తారీఖు ఉదయం మొదలై, సెలవులు లేకపోతే, బిగింపు మొదలయ్యేది 11వ తారీఖు ఉదయం. ఈ ఒక్క రోజు తేడా చాలా షెడ్యూళ్లలో తప్పుగా పడుతుంది.

ఇప్పుడు బ్యాక్‌వర్డ్ పాస్. 13 దాటకుండా ఉండాలంటే ప్రతి పనినీ ఎంత ఆలస్యంగా మొదలుపెట్టొచ్చు? చివరి నుంచి తీసేస్తూ రావాలి. ట్రయల్ రన్ 12కల్లా మొదలవ్వాలి. బిగింపు 12కి ముగియాలంటే 10లో మొదలవ్వాలి. కాంక్రీటు 3లో, యంత్రం ఆర్డరు 2లో. వైర్లు 10లో, పైపులు 7లో. తవ్వకం దగ్గర నుంచి రెండు బాణాలు బయలుదేరుతున్నాయి. కాంక్రీటు 3లో మొదలవ్వాలి, పైపులు 7 దాకా ఆగగలవు. ఈసారి చిన్న సంఖ్య తీసుకోవాలి, ఎక్కువ తొందరలో ఉన్న పని మాటే చెల్లుతుంది. తవ్వకం 3కి ముగియాలి, అంటే 0లోనే మొదలవ్వాలి. పొరపాటున 7 తీసుకుంటే తవ్వకాన్ని నాలుగు రోజులు వాయిదా వేసినా ఫర్వాలేదని లెక్క చూపిస్తుంది, నిజానికి ఒక్క రోజు ఆగినా గడువు తప్పుతుంది. లెక్క సరిపోయిందో లేదో చూడటానికి ఒక గుర్తుంది. వెనక్కి వచ్చేసరికి మొదటి పనుల్లో కనీసం ఒకదానికి 0 రావాలి. అలా రాకపోతే ఎక్కడో తప్పు జరిగింది. ఒకవేళ యజమాని 12 రోజుల్లో కావాలంటే అక్కడ -1 వస్తుంది, ఉన్న ప్లానుతో అది కుదరదని అర్థం.

ఈ రెండు పాస్‌ల మధ్య ఒక్కో పని మొదలయ్యే సంఖ్యలో తేడాయే ఫ్లోట్, అంటే గడువు తప్పకుండా ఆ పని ఆగగలిగే రోజులు. ఆర్డరుకు 2 రోజులు, పైపులకు 4, వైర్లకు 4. తవ్వకం, కాంక్రీటు, బిగింపు, ట్రయల్ రన్‌లకు సున్నా. ఈ నాలుగూ కలిసిన దారే క్రిటికల్ పాత్. డ్యూపాంట్ కంపెనీకి చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ 1950ల చివర్లో ఈ పద్ధతిని రూపొందించారు.

పైపులకు 4, వైర్లకు 4 అని చూసి ఇద్దరు పనివాళ్లూ చెరో నాలుగు రోజులు ఆగొచ్చనుకుంటే దెబ్బ తింటారు. ఆ నాలుగు రోజులు ఆ దారి మొత్తానికి కలిపి ఉన్నవి. పైపులవాళ్లు మూడు రోజులు వాడేసుకుంటే వైర్లవాళ్లకు మిగిలేది ఒక్కటే. అందుకే ఒక్కో పని పక్కన ఉన్న ఫ్లోట్‌ను విడిగా చూడకుండా, ఆ దారిలో ముందు వాళ్లు ఎంత వాడారో కూడా అడగాలి.

క్రిటికల్ పాత్ కూడా శాశ్వతం కాదు. యంత్రం 8కి బదులు 11కి వచ్చిందనుకోండి. ఆలస్యం మూడు రోజులు, ఫ్లోట్ రెండు. బిగింపు 11లో మొదలై, మొత్తం పని 14కి జరుగుతుంది. ఇప్పుడు ఆర్డరు, బిగింపు, ట్రయల్ రన్ క్రిటికల్ అయ్యాయి. నిన్నటిదాకా సున్నా ఉన్న కాంక్రీటుకు ఒక రోజు ఫ్లోట్ వచ్చింది. పాత చార్టు గోడ మీదే ఉంటే మేస్త్రీ ఇంకా కాంక్రీటు కోసమే టెన్షన్ పడుతుంటాడు. ఆ వేళలో ఫోన్ చేయాల్సింది యంత్రం పంపేవాళ్లకు. అందుకే ఏదైనా పని ఆలస్యమైందని తెలిసిన రోజే రెండు పాస్‌లూ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.