584 మీటర్ల ఎడం ఉందన్నారు

2025 డిసెంబర్‌లో చైనాలోని జియుక్వాన్ నుంచి ఒక వాణిజ్య రాకెట్ తొమ్మిది ఉపగ్రహాలను తీసుకెళ్లి కక్ష్యలో వదిలింది. వాటిలో ఒకటి 560 కిలోమీటర్ల ఎత్తున తమ స్టార్‌లింక్-6079 ఉపగ్రహానికి 200 మీటర్ల దూరంలోంచి దూసుకుపోయిందని, అది ఏ దారిన తిరుగుతుందో తమకు ఎవరూ ముందుగా చెప్పలేదని స్టార్‌లింక్ ఇంజనీరింగ్ ఉపాధ్యక్షుడు మైకేల్ నికోల్స్ బయటపెట్టారు. రాకెట్ ప్రయోగించిన సీఏఎస్ స్పేస్ సంస్థ దానికి జవాబిచ్చింది. ఢీకొనే ప్రమాదం లేని సమయం చూసుకునే ప్రయోగించామని, ఈ ఘటన నిజమే అయినా ఉపగ్రహాలు విడివడిన దాదాపు 48 గంటల తర్వాత జరిగిందని, అప్పటికే తమ పని ముగిసిందని చెప్పింది.

ఎవరు ఎవరికి చెప్పాలి, ఎవరు పక్కకు జరగాలి? ఈ తగాదా అర్థం కావడానికి మొదటి ఉపగ్రహం నాటి నుంచి చరిత్ర తవ్వుకోనక్కర్లేదు. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా ఉత్తరాన తైమీర్ ద్వీపకల్పం మీద, 789 కిలోమీటర్ల ఎత్తున ఏం జరిగిందో తెలిస్తే చాలావరకు సరిపోతుంది.

ఆ రోజు ఢీకొన్న రెంటిలో ఒకటి ఇరిడియం-33. ఫోన్ సేవలు అందిస్తున్న అమెరికా కంపెనీది, 560 కిలోల బరువు, చక్కగా పనిచేస్తోంది. రెండోది కాస్మోస్-2251. రష్యా 1993లో పంపింది, సుమారు 900 కిలోలుంటుంది, 1995 నుంచే చచ్చి పడివుంది. రెండు కక్ష్యలూ దాదాపు లంబకోణంలో అడ్డంగా దాటుకుంటాయి. కాబట్టి ఢీకొన్నప్పటి వేగం సెకనుకు 11.7 కిలోమీటర్లు. పనిచేసే ఉపగ్రహమొకటి ఇంకో ఉపగ్రహానికి గుద్దుకుని ముక్కలైపోవడం అదే మొదటిసారి.

నా దృష్టిలో అసలు విషయం గుద్దుకోవడం కాదు, అంతకుముందు అందరి కళ్లెదుటే ఉన్న ఒక అంకె. ఏ రోజు ఏ ఉపగ్రహాలు దగ్గరగా వస్తాయో లెక్కగట్టి అందరికీ అందుబాటులో ఉంచే సోక్రటీస్ అనే జాబితా ఒకటుంది. ఈ జంట ఆ రోజు జాబితాలోనూ ఉంది. రెంటి మధ్య ఎడం 584 మీటర్లు ఉంటుందని అది చెప్పింది. అంతకంటే దగ్గరగా వస్తాయనుకున్న జంటలు అదే జాబితాలో వందకు పైగా ఉన్నాయి. అవేవీ ఢీకొనలేదు, ఇది ఢీకొంది.

దీన్ని ఎవరి తప్పుగానో చూపించడం తేలికే. కానీ ఆ జాబితాకు ఆధారం అమెరికా సైన్యం రాడార్లతో కనిపెట్టి బయటకు ఇచ్చే కక్ష్య వివరాలు. ఒక్కో వస్తువుకు రెండేసి వరుసల అంకెలు, అంతే. వాటితో రేపు ఎక్కడ ఉంటుందో లెక్కవేస్తే కిలోమీటరు తేడా రావచ్చు, రోజులు గడిచేకొద్దీ ఇంకా పెరగవచ్చు. తేడా ఎక్కువగా వచ్చేది ఉపగ్రహం పోయే దారి వెంబడే. ఆ ఎత్తుల్లోనూ పలచటి గాలి ఉంటుంది, అది కాస్త కాస్త వెనక్కి లాగుతుంది. సూర్యుడు చెలరేగిన రోజున గాలి ఉబ్బి ఇంకా గట్టిగా లాగుతుంది. ఎంత లాగుతుందో ముందుగా కచ్చితంగా చెప్పలేరు. లెక్కలోనే కిలోమీటరు అటూ ఇటూ ఉన్నప్పుడు 584 మీటర్లంటే సున్నా కావచ్చు, రెండు కిలోమీటర్లూ కావచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు బాగా తెలిసినా బయట తక్కువగా వినిపిస్తుంది. ఢీకొనే అవకాశాన్ని లెక్కగట్టేటప్పుడు రెండు వస్తువులూ ఉండవచ్చనుకునే చోటు చుట్టూ ఒక అనుమానపు మేరను గీస్తారు. ఒక హద్దు దాటాక మేర ఎంత పెద్దదైతే, సరిగ్గా ఒకే బిందువు దగ్గర రెండూ కలిసే అవకాశం లెక్కలో అంత చిన్నదవుతుంది. అంటే అక్కడి నుంచి వివరాలు ఎంత అధ్వానంగా ఉంటే కాగితం మీద అంత భద్రంగా కనిపిస్తుంది. తక్కువ రిస్క్ అని వచ్చిన జవాబుకు అర్థం ప్రమాదం లేదని కావచ్చు, మనకేమీ తెలియదనీ కావచ్చు. అంకెను మాత్రమే చూసేవాళ్లు ఆ తేడా పట్టుకోలేరు. మేర ఎంతో కూడా పక్కనే చూడాలి.

కాబట్టి ఇరిడియం వాదనలో బలముంది. తమ ఉపగ్రహాలకు 5 కిలోమీటర్లలోపు వచ్చిపోయేవి వారానికి 400 దాకా ఉంటాయని ఆ కంపెనీ 2007లోనే చెప్పింది. ప్రతిదానికీ పక్కకు జరగడం మొదలుపెడితే ఇంధనం అయిపోతుంది. పైగా, ఎదుటి వస్తువు ఎక్కడుందో సరిగా తెలియకుండా జరిగితే దానికి ఇంకా దగ్గరగా పోయే అవకాశమూ అంతే ఉంటుంది. మెరుగైన వివరాలు అమెరికా సైన్యం దగ్గర ఉన్నాయి. కానీ అప్పట్లో వాళ్లు మనుషులున్న వ్యోమనౌకలకు, కొన్ని ముఖ్యమైన ఉపగ్రహాలకు మాత్రమే దగ్గరి రాకపోకలు లెక్కచూసేవారు. ఇరిడియం-33 ఆ జాబితాలో లేదు. రష్యా వైపు మాట ఇంకా చిన్నది. తమది చచ్చిపోయిన ఉపగ్రహం, దాన్ని కదిపే మార్గమే లేదు. అలా వదిలేయకూడదని శాసించే నియమమూ అప్పుడు లేదు. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అంతరిక్షంలో జరిగిన నష్టానికి పరిహారం అడగాలంటే ఎదుటివాళ్ల తప్పును నిరూపించాలి. చచ్చిన వస్తువు తప్పు చేసిందని నిరూపించేదెలా?

గుద్దుకున్న చోట మిగిలింది 2,000కు పైగా గుర్తించగలిగిన శకలాలు. గుర్తించడమంటే దాదాపు 10 సెంటీమీటర్లు, అంతకంటే పెద్దవి. చిన్నవి లెక్కకు రాలేదు. గొలుసుకట్టు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. డొనాల్డ్ కెస్లర్, బర్టన్ కూర్-పలే అనే నాసా శాస్త్రవేత్తలు 1978లోనే ఈ లెక్క వేశారు. ఒక ఎత్తులో వస్తువులు రెట్టింపైతే అవి ఒకదానికొకటి తగిలే అవకాశం నాలుగు రెట్లవుతుంది. ప్రతి ఢీ కొత్త శకలాలను పుట్టిస్తుంది. గాలి కిందికి లాగి కాల్చేసే వేగం కంటే ఢీలతో పుట్టే వేగం ఎక్కువైన రోజున, కొత్తగా ఒక్క ప్రయోగం కూడా చేయకపోయినా చెత్త పెరుగుతూనే ఉంటుంది.

ఒక ఉపగ్రహం పూర్తిగా ముక్కలవ్వాలంటే దాని ప్రతి గ్రాముకూ 40 జౌళ్ల శక్తి తగలాలని నిపుణులు లెక్కలో వాడతారు. సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఒక్క కిలో శకలంలో 5 కోట్ల జౌళ్ల శక్తి ఉంటుంది. అది 500 కిలోల ఉపగ్రహానికి తగిలితే గ్రాముకు 100 జౌళ్లు. అంటే కిలో ముక్క చాలు, ఇంకో వెయ్యి ముక్కలు పుట్టించడానికి. అయితే ఇదంతా గంటల్లో జరిగిపోతుందనుకోకూడదు. దశాబ్దాల మీద నడిచే వ్యవహారం. 400 కిలోమీటర్ల దగ్గర పుట్టిన శకలం మహా అయితే ఏడాదో రెండేళ్లో ఉండి గాలిలో కాలిపోతుంది. 789 కిలోమీటర్ల దగ్గర పుట్టినవాటిలో ఎన్నో దశాబ్దాల తరబడి తిరుగుతూనే ఉంటాయి. 2009 నాటి ముక్కే ఒకటి కిందికి దిగుతూ 2012 మార్చిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గరికి వచ్చింది. కేంద్రాన్ని జరపడానికి వ్యవధి లేకపోవడంతో వ్యోమగాములు సోయజ్ నౌకల్లో కూర్చుని, అది దాటిపోయేదాకా వేచి ఉన్నారు.

2009 తర్వాత అమెరికా సైన్యం పనిచేసే ఉపగ్రహాలన్నిటికీ లెక్కలు చూడటం మొదలుపెట్టింది. ఇప్పుడు దగ్గరి రాకపోక కొన్ని రోజుల ముందే కనిపిస్తే ఇరువైపులవాళ్లకూ హెచ్చరిక వెళ్తుంది. అందులో ఎడంతోపాటు అనుమానపు మేర కూడా ఉంటుంది. రాడార్ కొత్తగా చూసినకొద్దీ హెచ్చరిక మారుతుంటుంది. ఢీకొనే అవకాశం పదివేలకు ఒకటి దాటితే జరగాలన్నది చాలామంది పాటించే హద్దు.

జరగడమంటే పక్కకు తిప్పడం కాదు. సాధారణంగా పోతున్న దిశలోనే వేగాన్ని కొద్దిగా పెంచుతారు, లేదా తగ్గిస్తారు. 550 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు కేవలం ఒక సెంటీమీటరు వేగం పెంచారనుకుందాం. అర చుట్టు తిరిగేసరికి ఉపగ్రహం దాదాపు 36 మీటర్లు పైకి లేస్తుంది. కక్ష్య పెద్దదైంది కాబట్టి ఒక చుట్టుకు పట్టే సమయం పెరుగుతుంది. అందుకే వేగం పెంచినా వెనకబడుతుంది. ఒక రోజు గడిచేసరికి, జరగకపోతే ఉండాల్సిన చోటుకు సుమారు రెండున్నర కిలోమీటర్లు వెనకుంటుంది. అంటే ఒక రోజు ముందు తెలిస్తే చిటికెడు ఇంధనంతో తప్పించుకోవచ్చు. గంట ముందు తెలిస్తే అదే దూరానికి ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. కానీ మరీ ముందుగా జరిగితే లెక్కే సరిగా ఉండదు, చాలాసార్లు అనవసరంగా జరిగినట్టవుతుంది. ఆపరేటర్ల టెన్షన్ అంతా ఈ రెంటి మధ్యే.

అడ్డొచ్చేది చచ్చిన శకలమైతే దాని దారిని భౌతిక శాస్త్రం చెబుతుంది. ఎదుటిది కూడా ఇంధనమున్నదైతే అది ఏం చేయబోతోందో దాని యజమానికే తెలుసు. 2019 సెప్టెంబర్ 2న యూరప్ అంతరిక్ష సంస్థకు ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. తమ ఏయోలస్ ఉపగ్రహానికి స్టార్‌లింక్-44 తగిలే అవకాశం వెయ్యికి ఒకటి దాటింది. తొలి ఉత్తర ప్రత్యుత్తరాలు జరిగినప్పుడు అది యాభై వేలకు ఒకటే. ఆ తర్వాత పెరిగినట్టు వచ్చిన హెచ్చరికలు తమ సిబ్బందికి చేరలేదని, లోపం సిబ్బందికి కబురందించే తమ పేజింగ్ వ్యవస్థలో ఉందని స్టార్‌లింక్‌లను నడిపే స్పేస్‌ఎక్స్ చెప్పింది. చివరికి తప్పుకున్నది ఏయోలస్. 2021లో చైనా తన అంతరిక్ష కేంద్రాన్ని రెండుసార్లు స్టార్‌లింక్‌ల దారి నుంచి తప్పించాల్సి వచ్చిందని ఐక్యరాజ్యసమితికి రాసింది. రెండోసారి ఎదుటి ఉపగ్రహం వరుసగా కదులుతూనే ఉందని, దాని ఎత్తుగడ తెలియలేదని ఫిర్యాదు చేసింది. అత్యవసర హెచ్చరిక పంపేంత ప్రమాదం తమ లెక్కల్లో కనిపించలేదని అమెరికా బదులిచ్చింది.

2025 డిసెంబర్‌లో నికోల్స్ చైనా వైపు చూపించి అన్నదీ ఇదే మాట. ఫిర్యాదుదారు మారాడు, ఫిర్యాదు మారలేదు. అయితే ఒక తేడా ఉంది. స్టార్‌లింక్ ఇప్పుడు తన ఉపగ్రహాలు రాబోయే రోజుల్లో ఎక్కడుంటాయో, వేయబోయే మలుపులతో సహా ఇతరులకు ఇస్తోంది. 2024 డిసెంబర్ నుంచి 2025 మే దాకా ఆరు నెలల్లోనే 1,44,000కు పైగా తప్పించుకునే కదలికలు చేశామని అమెరికా ప్రభుత్వ సంస్థకు నివేదించింది. పదివేలకు ఒకటి కాదు, అంతకు ఎన్నో రెట్లు తక్కువ అవకాశం ఉన్నా జరగాలని పెట్టుకున్నందువల్లే అంత సంఖ్య.

కొత్తగా వదిలిన ఉపగ్రహాల విషయంలో మొదటి రెండు రోజులే అన్నిటికంటే కష్టం. తొమ్మిదీ గుంపుగా పోతుంటాయి, ఏది ఏదో రాడార్‌కు వెంటనే తెలియదు. జాబితాలో పేరు పడేసరికి సమయం గడిచిపోతుంది. ఆ సమయంలో దాని చోటు చెప్పగలిగేది దాన్ని నడిపేవాళ్లొక్కరే. సీఏఎస్ స్పేస్ చెప్పిన 48 గంటలు సరిగ్గా ఆ వ్యవధే. రాకెట్ కంపెనీ పని ముగిసింది, ఉపగ్రహ యజమాని పని మొదలైంది అనుకోవచ్చు. మధ్యలో ఆ వివరాన్ని పక్కవాళ్లకు అందించాల్సిన బాధ్యతను అంతర్జాతీయంగా ఇంతవరకు ఎవరి మీదా పెట్టలేదు.