తయారీదారు, దుకాణదారు మధ్య ధరల తగవు: అపోహలు – వాస్తవాలు

సబ్బులు, బట్టల పొడి తయారుచేసే ఒక కంపెనీ తరఫున గోదావరి జిల్లాల్లో పదకొండేళ్ల పాటు ఏరియా సేల్స్ మేనేజరుగా పనిచేశాను. ఇప్పుడు పంపిణీ వ్యవస్థ పాఠాలు చెబుతున్నాను. తయారీదారుకూ చిల్లర దుకాణదారుకూ మధ్య వచ్చే వివాదాల గురించి విద్యార్థులు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటాయి. ఒకప్పుడు నాకూ అవే ఉండేవి. వాటిని వదిలించింది తాడేపల్లిగూడెంలో ఎదురైన ఒక అనుభవం. అక్కడి కిరాణా దుకాణదారులు రెండు వారాల పాటు మా సరుకుకు ఆర్డరు ఇవ్వడం మానేశారు. ఈ వ్యాసం చాలావరకు ఆ ఒక్క కేసు చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: దుకాణదారుకు మార్జిన్ చాలక గొడవ చేస్తాడు, ఇంకో రూపాయి పెంచితే తగవు తీరిపోతుంది.

వాస్తవం: దుకాణదారు తనకు వచ్చే మార్జిన్‌ను విడిగా చూసి కోపం తెచ్చుకోడు. అదే సరుకు పక్కవాడికి ఎంతకు పడుతోందో తెలిసిన రోజున కోపం వస్తుంది. 2021 డిసెంబరులో అఖిల భారత వినియోగ వస్తువుల పంపిణీదారుల సమాఖ్య కంపెనీలకు లేఖ రాసి, 2022 జనవరి 1 నుంచి సహాయ నిరాకరణ చేస్తామని ప్రకటించినప్పుడూ వివాదం ఈ తేడా గురించే. సంప్రదాయ పంపిణీదారు దుకాణదారుకు 8 నుంచి 12 శాతం మార్జిన్ ఇవ్వగలుగుతుంటే, ఆన్‌లైన్ టోకు వేదికలు, పెద్ద హోల్‌సేల్ స్టోర్లు 15 నుంచి 20 శాతం దాకా ఇస్తున్నాయన్నది సమాఖ్య ఫిర్యాదు. మహారాష్ట్రలో కొన్ని కోల్గేట్ ఉత్పత్తుల సరఫరా కొద్ది రోజులు ఆగింది కూడా.

తాడేపల్లిగూడెంలో మా లెక్క ఇలా ఉండేది. గరిష్ఠ చిల్లర ధర 100 రూపాయలు ఉన్న బట్టల పొడి ప్యాకెట్టును మా పంపిణీదారు కంపెనీ నుంచి 86 రూపాయలకు కొని, దుకాణానికి 90కి అమ్మేవాడు. పెద్ద హోల్‌సేల్ స్టోరుకూ బిల్లులో రాసే ధర 86 రూపాయలే. అయితే మూడు నెలల టార్గెట్ చేరినందుకు ప్యాకెట్టుకు 3 రూపాయలు, సరుకును ముందు వరుసలో ప్రదర్శించినందుకు మరో 2 రూపాయలు ఆ స్టోరుకు తర్వాత జమయ్యేవి. అంటే నికరంగా దానికి 81 రూపాయలకే పడేది. దాన్ని 86కి దుకాణదారులకు అమ్మినా 5 రూపాయలు మిగిలేవి. మా పంపిణీదారు కొన్న ధరా, ఆ స్టోరు అమ్మిన ధరా ఒకటే.

ఇక్కడ దుకాణదారు మార్జిన్‌ను ఒక రూపాయి పెంచితే ఏమవుతుంది? అతనికి సరుకు 90కి బదులు 89కి పడుతుంది, కానీ 86కీ 89కీ మధ్య దూరం మిగిలే ఉంటుంది. పైగా, అమ్మకాలు ఎక్కువగా ఉన్న పెద్ద కొనుగోలుదారు అదే రూపాయి తనకూ కావాలని అడుగుతాడు, సాధారణంగా తెచ్చుకుంటాడు కూడా. అప్పుడు అతని ధర 85కు దిగి, తేడా మళ్లీ 4 రూపాయలే అవుతుంది. కంపెనీ ఖర్చు పెరిగింది కానీ తగవు ఉన్నచోటే ఉంది. కాబట్టి కొలవాల్సింది శాతాన్ని కాదు, అన్ని రాయితీలూ పోగా ఒక్కో కొనుగోలుదారుకు ప్యాకెట్టు చివరికి ఎంతకు పడిందన్న నికర ధరను. ఇది బిల్లులో కనిపించదు. తర్వాత జమయ్యే క్రెడిట్ నోట్లన్నీ పక్కన పెట్టుకుని కూడుకుంటేనే బయటపడుతుంది.

అపోహ: ధర పడగొట్టేది ఎప్పుడూ ఆన్‌లైన్ కంపెనీలు, పెద్ద స్టోర్లే.

వాస్తవం: నేనూ అలాగే అనుకుని పై అధికారులకు అలాగే రాశాను. దుకాణదారుల ప్రతినిధి ఒకరు మాత్రం, "సార్, ముందు పెట్టెలు చూడండి, తర్వాత మాట్లాడదాం," అన్నారు. ఆయన మాట మన్నించి పద్దెనిమిది దుకాణాల నుంచి మా సరుకు ఖాళీ అట్టపెట్టెలు నలభై సేకరించాం. ప్రతి పెట్టె మీదా ఉండే బ్యాచ్ నంబరును, తయారీ తేదీని డిపో నుంచి వెళ్లిన బిల్లులతో సరిచూశాం. తొమ్మిది పెట్టెలు హోల్‌సేల్ స్టోరువి. నాలుగింటి మీద అక్షరాలు చెరిగిపోయాయి. మిగిలిన ఇరవై ఏడు పెట్టెలూ పక్క జిల్లాలోని మా సొంత పంపిణీదారుకు మేమే మార్చి ఆఖరి వారంలో పంపినవి.

అతన్ని నేను తప్పుపట్టలేను. అతని ప్రాంతంలో అంత సరుకు అమ్ముడుపోదని తెలిసీ, ఆర్థిక సంవత్సరం ముగింపు టార్గెట్ కోసం మేమే అతని గోదాములోకి సరుకు నెట్టాం. టార్గెట్ చేరితే వచ్చే 3 రూపాయలు కలుపుకొంటే అతనికి ప్యాకెట్టు 83కి పడింది. తన దుకాణాలకు తిరిగి చిన్న చిన్న బిల్లులు వేయడం కన్నా, తాడేపల్లిగూడెం టోకు వర్తకుడికి ఒకేసారి లారీ సరుకు 85కి అమ్మేస్తే 2 రూపాయలు మిగులుతాయి, డబ్బు కూడా వెంటనే చేతికొస్తుంది. టోకు వర్తకుడు రూపాయి వేసుకుని 86కి దుకాణాలకు ఇచ్చాడు. మా స్థానిక పంపిణీదారుకు మాత్రం ఆర్డర్లు తగ్గాయి, దాంతో టార్గెట్ చేరలేదు, చేరకపోవడంతో ఆ 3 రూపాయలూ రాలేదు, అవి రానందువల్ల ధర తగ్గించే వీలూ లేకపోయింది. క్రమం తప్పక దుకాణాలకు తిరిగి, వారం అప్పు ఇచ్చి, గడువు తీరిన సరుకు వెనక్కి తీసుకునే మనిషే ఈ పద్ధతిలో నష్టపోయాడు.

ఇలాంటి పారుదలను పెట్టెలు ఏరకుండానే ముందుగా పసిగట్టవచ్చు. పంపిణీదారు నెల కొనుగోలులో సగానికి మించి ఆఖరి వారంలోనే జరుగుతుంటే ఒక అనుమానం. అతని అమ్మకాలు పెరిగినా, బిల్లు వేసిన దుకాణాల సంఖ్య పెరగకపోతే అనుమానం బలపడుతుంది. పెద్ద బిల్లులన్నీ ఒకరిద్దరి పేర్ల మీదే ఉంటే ఇక అడగవలసిన అవసరం లేదు.

అపోహ: ఇంత కన్నా తక్కువకు అమ్మకూడదని కంపెనీ ఆదేశిస్తే చాలు.

వాస్తవం: తగవు ముదిరినప్పుడు దుకాణదారులు అడిగేదీ, సేల్స్ మేనేజర్లు హామీ ఇచ్చేసేదీ ఇదే. అన్నిటికన్నా ప్రమాదకరమైన హామీ కూడా ఇదే. సరుకు కొన్నవాడు తిరిగి ఎంతకు అమ్మాలో తయారీదారు కట్టడి చేయడాన్ని 2002 నాటి కాంపిటీషన్ చట్టంలోని సెక్షన్ 3(4) పునర్విక్రయ ధర నియంత్రణగా పరిగణిస్తుంది. పోటీకి గణనీయమైన హాని కలిగితే అది చెల్లదు. డీలర్లు తాను అనుమతించిన దానికి మించి రాయితీ ఇవ్వకుండా కట్టడి చేసినందుకు 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ మారుతీ సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఎవరు ఎక్కువ రాయితీ ఇస్తున్నారో తెలుసుకోవడానికి కంపెనీ కొనుగోలుదారుల వేషంలో మనుషులను డీలర్ల దగ్గరకు పంపిన సంగతి ఆ ఉత్తర్వులో ఉంది. గరిష్ఠ చిల్లర ధర పై హద్దు మాత్రమే. అంతకు తక్కువకు అమ్మే స్వేచ్ఛ అమ్మేవాడిదే.

మరోవైపు దుకాణదారుల సంఘాలూ జాగ్రత్తగా ఉండాలి. సంఘం ప్రతినిధులు కంపెనీతో కూర్చుని ఫిర్యాదు చెప్పడం వేరు, సభ్యులందరూ ఒక సరుకును ఆపాలనో ఒకే ధరకు అమ్మాలనో తీర్మానించడం వేరు. కొత్త స్టాకిస్టును పెట్టుకోవాలంటే తమ నిరభ్యంతర పత్రం తప్పనిసరి అన్న మందుల దుకాణదారుల సంఘాల పద్ధతిని కాంపిటీషన్ కమిషన్ 2013లో తప్పుపట్టింది.

కంపెనీ చేతిలో చట్టబద్ధంగా ఉన్నది తాను అమ్మే ధర, తాను ఇచ్చే ప్రోత్సాహకం. మేము మార్చింది ఆ రెండింటినే. టార్గెట్ మీద ఇచ్చే 3 రూపాయల్లో ఒక రూపాయిని అందరికీ బిల్లులోనే తగ్గించి, ధరను 86 నుంచి 85కు దించాం. మిగిలిన 2 రూపాయలను ఎన్ని పెట్టెలు కొన్నారన్న దాని నుంచి తప్పించి, నెలలో ఎన్ని దుకాణాలకు బిల్లు వేశారు, ఒక్కో దుకాణంలో ఎన్ని రకాలు పెట్టించారు అన్న దానికి ముడిపెట్టాం. దాంతో సరుకును పక్క ఊళ్లో కుమ్మరించే పంపిణీదారుకు నికర ధర 83 నుంచి 85కు పెరిగింది, 85కి అమ్మితే అతనికి ఏమీ మిగలదు. హోల్‌సేల్ స్టోరుకు ఇచ్చే ప్రదర్శన రుసుమును మామూలు వినియోగదారుల బిల్లుల మీద మాత్రమే లెక్కగట్టాం. దుకాణాలకు టోకుగా వేసిన బిల్లుల్లో ప్రదర్శన అన్న పనే జరగలేదు కాబట్టి, దానికి రుసుమూ లేదు.

ఆ స్టోరు దుకాణాలకు అమ్మే ధరను తనంతట తానే 88కి పెంచుకుంది. మా స్థానిక పంపిణీదారు ధర 89కి దిగింది. ఒక్క రూపాయి తేడా మిగిలింది కానీ దాని గురించి ఎవరూ గొడవ చేయలేదు, ఎందుకంటే 88కి కొనాలంటే దుకాణం మూసి, ఆటో మాట్లాడుకుని, నగదు చెల్లించి తెచ్చుకోవాలి. పంపిణీదారు చేసే సేవకు ఒక రూపాయి విలువ ఉంది, నాలుగు రూపాయల విలువ లేదు. ఈ సంగతి దుకాణదారులు నాకన్నా ముందే గ్రహించారు.

ధరతో పాటు ఇంకొకటి కూడా సరిచేయవలసి వచ్చింది. స్కీముల మీదా, పాడైన సరుకు మీదా దుకాణదారులకు రావలసిన క్లెయిములు మా దగ్గర రెండు నెలలకు పైగా నానుతుండేవి. మూడు వారాల్లో చెల్లించాలని నియమం పెట్టుకున్నాం. సమావేశాల్లో ధర గురించి వినిపించిన కోపంలో మూడో వంతు నిజానికి ఈ బకాయిల గురించేనని నా అంచనా.

అపోహ: ఆన్‌లైన్‌కు ఒక ప్యాక్, దుకాణానికి ఒక ప్యాక్ చేస్తే పోలిక ఉండదు.

వాస్తవం: కొంతవరకు నిజమే. అయితే బరువు గానీ, సరుకు గానీ నిజంగా వేరుగా ఉండాలి. ఒకేలాంటి ప్యాక్ మీద వేర్వేరు గరిష్ఠ చిల్లర ధరలు ముద్రించడాన్ని లీగల్ మెట్రాలజీ నిబంధనలు 2018 జనవరి నుంచి కట్టడి చేస్తున్నాయి. కిలో ప్యాక్‌కూ రెండు కిలోల ప్యాక్‌కూ గ్రాము ధర దగ్గరగా ఉంటేనే ఈ ఉపాయం నిలబడుతుంది, లేకపోతే దుకాణదారే పెద్ద ప్యాక్ కొని విప్పి అమ్ముతాడు.

అపోహ: సరైన పద్ధతి పెడితే కంపెనీకి ఖర్చుండదు.

వాస్తవం: మా ప్రాంతంలో మొదటి మూడు నెలలు అమ్మకాలు 8 శాతం తగ్గాయి, ఎందుకంటే అంతకు ముందు లెక్కలో కనిపించిన అమ్మకాల్లో కొంత, గోదాము నుంచి గోదాముకు తిరిగిన సరుకే. ఆ తగ్గుదలను పై అధికారులకు ముందుగానే రాసి ఒప్పించుకోకపోతే, రెండో నెలలోనే పాత టార్గెట్ స్కీము తిరిగి వచ్చేస్తుంది. అలా వచ్చేసిన రెండు ప్రాంతాలను నేను చూశాను. మా దగ్గర అమ్మకాలు మళ్లీ పాత స్థాయికి చేరడానికి ఆరు నెలలు పట్టింది.

ఈ పద్ధతి చేయలేనిది కూడా ఒకటి ఉంది. ఆన్‌లైన్ వేదిక తన సొంత డబ్బుతో వినియోగదారుకు నేరుగా రాయితీ ఇచ్చి 100 రూపాయల ప్యాకెట్టును 84కి అమ్మితే, దాన్ని ఆపే అధికారం తయారీదారుకు లేదు. ఆ రాయితీలో కంపెనీ సొమ్ము ఎంత ఉందో, వేదిక సొమ్ము ఎంత ఉందో విడదీసి దుకాణదారుల ముందు పెట్టగలం, అంతే. తాడేపల్లిగూడెంలో నెలకోసారి ముగ్గురు దుకాణదారుల ప్రతినిధులతో కూర్చుని, మా బిల్లులూ క్రెడిట్ నోట్లూ బల్ల మీద పెట్టి చూపించేవాళ్లం. మూడో సమావేశానికి వాళ్లు ఖాళీ పెట్టెలు తేవడం మానేశారు.