ఒక పెద్ద స్క్రిప్టు నుంచి వారానికి సరిపడా షార్ట్స్: అపోహలు - వాస్తవాలు

వంటల ఛానళ్లకు స్క్రిప్టులు రాయడం నా పని. ఎండాకాలం వచ్చిందంటే ఆవకాయ స్క్రిప్టు తప్పనిసరి. 12 నిమిషాల వీడియోకు రాసి ఇవ్వగానే "దీంట్లోంచే వారం రోజులకు షార్ట్స్ కూడా తీసేద్దాం" అంటారు. ఆ మాట దగ్గరే అపోహలన్నీ మొదలవుతాయి.

అపోహ: వీడియోను ఏడు ముక్కలు చేస్తే ఏడు షార్ట్స్ వచ్చేస్తాయి.

రావు. పెద్ద స్క్రిప్టులో ప్రతి వాక్యం ముందు వాక్యాన్ని పట్టుకుని నడుస్తుంది. ముందుగా కాగితం మీద ఎర్ర పెన్సిల్‌తో "అందుకే", "ఇందాక చెప్పినట్టు", "వీటిని", "ఇప్పుడు" లాంటి మాటల కింద గీత గీస్తాను. షార్ట్ మాత్రమే చూసేవాళ్లకు "వీటిని" అంటే ఏమిటో తెలియదు. అలాంటి ప్రతిచోటా అసలు పేరు పెట్టి తిరగరాయాలి.

విడదీయాల్సింది నిమిషాల లెక్కన కాదు, ప్రశ్నల లెక్కన. ఆవకాయ స్క్రిప్టు చదువుతూ, ప్రతి పేరా చూసేవాళ్లకున్న ఏ సందేహానికి జవాబు చెబుతోందో పక్కన రాస్తాను. ఏ కాయ కొనాలి? బూజు ఎందుకు పడుతుంది? ఆవపిండి ఎందుకు చేదెక్కుతుంది? మూడో రోజు నూనె తేలకపోతే ఏం చేయాలి? ఒక్క ప్రశ్నకు ఒక్క షార్ట్. మొన్నటి స్క్రిప్టులో ఇలా ఐదే దొరికాయి. ఏడు కావాలని పట్టుబడితే మిగతా రెండూ ఊక అవుతాయి. ఐదే ఇచ్చాను, రెండు రోజులు ఖాళీ వదిలేశాం.

అపోహ: చూసేవాళ్లను ఆపే మొదటి మాట, అంటే హుక్, "ఈ ఒక్క తప్పు చేయకండి!" లాంటి కేకై ఉండాలి.

అదే వాక్యం ఏడు రోజులూ వినిపిస్తే మూడో రోజుకే చూసేవాళ్లు దాటేస్తారు. పైగా ఆ వాక్యం ఆవకాయకూ సరిపోతుంది, ఇంటి లోనుకూ సరిపోతుంది. హుక్‌ను బయటి నుంచి తేనక్కర్లేదు. చాలాసార్లు అది పేరాలోనే, చివరి వాక్యంలో దాక్కుని ఉంటుంది.

ఉదాహరణకు తడి గురించిన పేరా. పెద్ద స్క్రిప్టులో ఇది నిమిషంన్నర. కాయలు కడగాలి, పొడిబట్టతో తుడవాలి, నీడన ఆరబెట్టాలి, ముక్కలు కొట్టాక టెంక లోపలి జీడి, పొర తీసేసి మళ్లీ తుడవాలి, జాడీ ఎండలో పెట్టాలి, ఎక్కడ తడి మిగిలినా బూజు పడుతుంది. వంట చేసే వరుసలో ఇది సరైనదే. షార్ట్‌లో మాత్రం బూజు ముందుకు రావాలి:

"కాయలన్నీ తుడిచే పెట్టారు, అయినా ఆవకాయకు బూజు పట్టిందా? ముక్కలు కొట్టిన కత్తి తడిగా ఉందేమో ఆలోచించండి."

ఆ వెంటనే బజారులో ముక్కలు కొట్టించుకొచ్చే సంగతి: అక్కడి కత్తికీ పీటకూ తడి ఉండొచ్చు కాబట్టి ఇంటికి తెచ్చాక ఒక్కో ముక్కా తుడవాలి. తర్వాత జాడీ, గరిటె. అంతే. కాయలు కడగడం తీసేశాను, అది అందరికీ తెలుసు. పైకి చదివి గడియారం చూస్తే 35 సెకన్లు. రాసింది ఎప్పుడూ పైకి చదివే కొలవాలి, మనసులో చదివితే తక్కువ తేలుతుంది.

ఒక హద్దు మాత్రం ఉంది. హుక్‌లో అడిగినదానికి జవాబు ఆ షార్ట్‌లోనే రావాలి. "జవాబు కోసం పూర్తి వీడియో చూడండి" అంటే ఒకసారి వెళ్తారేమో, రెండోసారి మన మొహం చూడగానే వేలితో పైకి తోసేస్తారు.

అపోహ: సోమవారం మొదటి భాగం, మంగళవారం రెండో భాగం.

మనం వరుసలో పెట్టినా చూసేవాళ్లకు ఆ వరుసలో అందవు. మూడో రోజు తిరగకలిపే షార్ట్‌ను ఒకసారి "ఇవాళ మన ఆవకాయ తిరగకలిపే రోజు" అని మొదలుపెట్టాను. ఆదివారం కలిపినవాళ్లకు బుధవారం చేరుతుందని నా లెక్క. రెండు వారాల తర్వాత కూడా "ఏ రోజండీ?" అని కామెంట్లు వచ్చాయి. ఇప్పుడు ఇలా రాస్తాను: "ఆవకాయ కలిపి మూడు రోజులైనా ముక్కల పైకి నూనె తేలలేదా?" ఎప్పుడు చూసినా అర్థమవుతుంది.

అపోహ: వ్యూస్ రాకపోతే హుక్ బాగాలేనట్టే.

యూట్యూబ్ స్టూడియోలో, ఆ షార్ట్‌ను ఏ సెకను దగ్గర ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గ్రాఫ్ తెరిచి చూడండి. మొదటి మూడు సెకన్లలోనే గీత పడిపోతే హుక్‌నే అనుమానించాలి. అక్కడ నిలబడి పదో సెకను దగ్గర జారితే, జవాబు అప్పుడే చెప్పేసి తర్వాత సాగదీశామేమో చూడాలి. నడుమ ఒక్కసారిగా విరిగితే ఆ చోట ఏ మాట ఉందో వినండి. నాకు రెండుసార్లు అక్కడ "ఇందాక చెప్పినట్టు" దొరికింది, ఎర్ర పెన్సిల్ నుంచి తప్పించుకున్నది.